డేటా కేబుల్ పెట్టినా కంప్యూటర్‌లో కనబడని ఆండ్రాయిడ్ ఫోన్

ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తాం. ఛార్జింగ్ ఎక్కుతూనే ఉంటుంది, కంప్యూటర్‌లో మాత్రం ఫోన్ కనబడదు. ఆండ్రాయిడ్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురైన తంటా ఇది. దీన్ని ఒకే జబ్బు అనుకుని పోర్ట్ తుడవడం, రెండింటినీ ఆపి ఆన్ చేయడం, డ్రైవర్ల కోసం వెతకడం అన్నీ కలిపి చేస్తుంటారు. నిజానికి ఇది మూడు వేర్వేరు లోపాలకున్న ఒకే పేరు. డేటా తీగల్లేని కేబుల్ ఒకటి, ఫైళ్లు పంపే పద్ధతి మారడం ఒకటి, ఫోన్ తనంతట తాను తలుపు వేసుకోవడం ఒకటి. మూడూ మూడు సందర్భాల్లో వచ్చి చేరాయి కాబట్టి చరిత్ర తెలిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం తేలికవుతుంది.

మొదట్లో ఈ బాధ లేదు. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ నుంచి 2011 దాకా ఫోన్లు కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్‌లా కనిపించేవి. ఈ పద్ధతికి యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ అని పేరు. ఆ కాలపు చాలా ఫోన్లలో కేబుల్ పెట్టగానే `Turn on USB storage` అనే బటన్ వచ్చేది. అది నొక్కితే తెరమీది ఆకుపచ్చ ఆండ్రాయిడ్ బొమ్మ నారింజ రంగులోకి మారేది, కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ తెరుచుకునేది. మెమరీ కార్డులో సినిమా పాటలు ఎక్కించుకునే అలవాటు ఊరూరా ఉన్న రోజులవి. దానికి ఇంతకంటే సులువైన ఏర్పాటు అక్కర్లేదు.

కాని ఆ సులువు వెనక ఒక మెలిక ఉంది. మాస్ స్టోరేజ్‌లో కంప్యూటర్‌కు అందేవి ఫైళ్లు కావు, మొత్తం కార్డే. ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకునే పని కూడా కంప్యూటర్‌దే. ఒకే లెక్కల పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తే ఏమవుతుందో కార్డుకూ అదే అవుతుంది. అందుకే కంప్యూటర్ కార్డును తీసుకున్నంతసేపూ ఫోన్ దాన్ని వదులుకోవాల్సి వచ్చేది. 2010లో ఆండ్రాయిడ్ 2.2 యాప్‌లను కార్డులోకి మార్చుకునే వీలు ఇచ్చాక ఇబ్బంది ముదిరింది. కేబుల్ పెట్టి బటన్ నొక్కిన మరుక్షణం కార్డులోని యాప్‌లన్నీ మూతపడేవి.

2011 ఫిబ్రవరిలో మోటరోలా జూమ్ టాబ్లెట్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 ఈ పద్ధతిని పక్కనపెట్టింది. ఆ ఏడాది చివర గెలాక్సీ నెక్సస్ అదే దారిని ఫోన్లలోకి తెచ్చింది. ఈ పరికరాల్లో యాప్‌ల చోటు, ఫొటోల చోటు అని విడివిడిగా ఉండవు. అన్నీ ఒకే నిల్వలో ఉంటాయి. అలాంటి నిల్వను కంప్యూటర్ చేతికిస్తే ఫోన్ కాళ్ల కింద నేలే లాగేసినట్టు. కాబట్టి నిల్వను ఫోన్ తన దగ్గరే ఉంచుకుని, కంప్యూటర్ అడిగిన ఫైలును తీసి ఇచ్చే పద్ధతి కావాలి. అందుకు ఆండ్రాయిడ్ ఎంచుకున్నది ఎంటీపీ, అంటే మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్.

ఎంటీపీ ఫోన్ల కోసం పుట్టింది కాదు. డిజిటల్ కెమెరాల నుంచి బొమ్మలు దించుకోవడానికున్న పీటీపీ అనే ప్రమాణాన్ని మైక్రోసాఫ్ట్ పెంచి, విండోస్ మీడియా ప్లేయర్ నుంచి పాటల పెట్టెలకు పాటలు పంపేందుకు సిద్ధం చేసింది. 2008లో అది యూఎస్‌బీ ప్రమాణాల్లో చేరింది. ఈ పుట్టుక వల్లే ఒక వింత లోపం నేటికీ మిగిలింది. మీడియా ప్లేయర్‌ను విండోస్‌తో కలిపి అంటగట్టడం తప్పని 2004లో యూరోపియన్ కమిషన్ తీర్పు ఇచ్చింది. దాంతో మీడియా ప్లేయర్ లేని ‘ఎన్’ ఎడిషన్లు వచ్చాయి. మీడియా భాగాలతో పాటే ఎంటీపీ మద్దతు కూడా ఆ ఎడిషన్ల నుంచి వెళ్లిపోయింది. యూరప్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో కొత్త ఫోన్, మంచి కేబుల్ పెట్టినా ఏమీ కనబడకపోతే ముందు విండోస్ పేరు చివర ఎన్ అక్షరం ఉందేమో చూడాలి. ఉంటే `Media Feature Pack` వేసుకుని రీస్టార్ట్ చేస్తే చాలు. పాటల కోసం నడిచిన వ్యాజ్యం పెళ్లి ఫొటోలకు అడ్డు తగలడం చరిత్రలో చిన్న చమత్కారమే.

ఆపిల్ కంప్యూటర్లు ఎంటీపీని ఎన్నడూ సొంతంగా అర్థం చేసుకోలేదు. గూగుల్ ఇచ్చిన ఆండ్రాయిడ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ అనే చిన్న ప్రోగ్రాంతోనే చాలాకాలం నెట్టుకొచ్చారు. 2024లో దాన్ని కూడా తీసేశారు. ఇప్పుడు మ్యాక్ వాడేవాళ్లు ఓపెన్ఎంటీపీ లాంటి బయటి ప్రోగ్రాంలు వేసుకోవాలి. కాబట్టి మ్యాక్‌లో ఫోన్ కనబడకపోవడం లోపం కాదు, అక్కడ అది మామూలే.

విండోస్ మామూలు ఎడిషన్లలో డ్రైవర్ ముందే ఉంటుంది. అయినా ఒక్కోసారి ఫోన్ తగిలించిన శబ్దం వస్తుంది, డ్రైవ్ మాత్రం రాదు. అప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి చూస్తే ఫోన్ పసుపు త్రికోణం గుర్తుతోనో, `Other devices` కిందనో దొరుకుతుంది. దానిమీద రైట్ క్లిక్ చేసి `Update driver` నొక్కాలి. నెట్‌లో వెతకమని చెప్పకుండా, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి `MTP USB Device` ఎంచుకుంటే చాలాసార్లు దారికొస్తుంది. ఊరూపేరూ లేని సైట్ల నుంచి డ్రైవర్ల మూటలు దించుకోవాల్సిన పనే లేదు.

ఇక మూడో లోపం, ఫోన్ తనంతట తాను తలుపు వేసుకోవడం. 2011 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సమావేశంలో ఒక ఉచిత ఛార్జింగ్ కియోస్క్ పెట్టారు. ఫోన్ తగిలించినవాళ్లకు కాసేపటికి ఒక హెచ్చరిక కనిపించింది. ముక్కూమొహం తెలియని చోట కేబుల్ పెట్టుకుంటే మీ డేటా బయటికి పోవచ్చని చెప్పడం దాని ఉద్దేశం. జ్యూస్ జాకింగ్ అన్న మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి కేబుల్ పెడితే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది. ఫైళ్లు ఇవ్వమని మనం ప్రతిసారీ చెప్పాలి. నోటిఫికేషన్ తెర కిందికి లాగితే `Charging this device via USB` అనే వరస కనిపిస్తుంది. దాన్ని నొక్కి `File transfer` ఎంచుకోవాలి. కొన్ని ఫోన్లలో మాటలు కాస్త వేరుగా ఉంటాయి. ఇది చేయకపోతే కొన్ని ఫోన్లు కంప్యూటర్‌లో అసలు కనబడవు. మరికొన్ని పేరు చూపిస్తాయి, తెరిస్తే ఖాళీ ఫోల్డర్. ఆ ఖాళీని చూసి ఫొటోలు పోయాయని గాభరాపడ్డవాళ్లకు లెక్కలేదు. తెర లాక్‌లో ఉన్నా ఇదే జరగవచ్చు.

ఈ ఒక్క వరసే పరీక్షకు కూడా పనికొస్తుంది. అది కనిపించిందంటే కేబుల్, పోర్ట్ రెండూ బాగున్నాయి, మిగిలింది ఎంపికో డ్రైవరో. అది రాకుండా, కంప్యూటర్ కూడా శబ్దం చేయకుండా, బ్యాటరీ గుర్తు మాత్రం ఛార్జింగ్ చూపిస్తుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌ను. పాత రకం యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు తీగలు, డేటాకు రెండు తీగలు ఉంటాయి. పవర్‌బ్యాంకులతో, చవక ఛార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా తీగలే వేయరు. మన మొబైల్ షాపుల్లో ‘ఛార్జింగ్ కేబులా, డేటా కేబులా’ అని అడగడం ఊరికే కాదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు తగిలించి చూస్తే తప్ప తేడా తెలియదు. కేబుల్ మార్చినా అదే పరిస్థితి అయితే ఫోన్ పోర్ట్‌లో జేబు నూలు ఇరుక్కుందేమో చూడాలి. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి. పిన్నీసు పనికిరాదు.

ఇవన్నీ ఒకేచోట ఎదురయ్యే సందర్భం ఒకటుంది. ఫోన్ కిందపడింది, తెర వెలుగుతోంది, టచ్ మాత్రం చచ్చిపోయింది. కెమెరా ఫోల్డర్‌లో ఏళ్ల ఫొటోలున్నాయి. ఫోన్‌లో ఆండ్రాయిడ్ 10 లేదా అంతకంటే కొత్తది ఉందనుకుందాం. డేటా కేబుల్ పెడితే కంప్యూటర్ శబ్దం చేస్తుంది, ఫోల్డర్ ఖాళీ. `File transfer` నొక్కడానికి వేలు పనిచేయదు కదా. ఇక్కడ ఓటీజీ అడాప్టర్ ఒకటి, వైర్ మౌస్ ఒకటి కావాలి. మౌస్ పెట్టగానే తెరమీద బాణం గుర్తు వస్తుంది. దాంతో పిన్ కొట్టి లోపలికి వెళ్లాలి.

చిక్కేమిటంటే ఫోన్‌కున్నది ఒకే పోర్ట్. మౌస్ తీస్తేగానీ కంప్యూటర్ కేబుల్ పట్టదు, కేబుల్ పెట్టాక మౌస్ ఉండదు. కాబట్టి నొక్కాల్సినవన్నీ ముందే నొక్కి పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో `Build number` మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో `Default USB configuration` దగ్గర `File transfer` పెట్టాలి. ఫోన్ అన్‌లాక్ అయి ఉంటేనే ఈ సెట్టింగ్ పనిచేస్తుంది. అందుకని స్క్రీన్ లాక్‌ను కూడా `None`కు మార్చాలి. ఆఫీసు వాళ్ల నిర్వహణలో ఉన్న ఫోన్ అయితే ఇది ఒప్పుకోకపోవచ్చు. తర్వాత మౌస్ తీసి, పవర్ బటన్‌తో తెర వెలిగించి, కేబుల్‌ను కంప్యూటర్‌కు పెడితే ఫోల్డర్లు నిండుగా కనిపిస్తాయి.

వేలకొద్దీ ఫొటోలున్న ఫోల్డర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. ఒక్కో ఫైలు వివరాన్ని కంప్యూటర్ ఫోన్‌ను అడిగి తెలుసుకోవాలి మరి. పచ్చగీత నెమ్మదిగా కదులుతుంటే ఆగిపోయిందనుకుని కేబుల్ పీకకూడదు. మధ్యలో నిజంగానే తెగిపోతుంటే, మౌస్ ఉన్నప్పుడే `USB debugging` కూడా ఆన్ చేసుకుని గూగుల్ ఇచ్చే ఏడీబీ పనిముట్టుతో తీసుకోవచ్చు. `-a` అంటే ఫైళ్ల తేదీలు చెడకుండా ఉంచమని.

```
adb devices
adb pull -a /sdcard/DCIM/Camera
```

మొదటి ఆజ్ఞకు `unauthorized` అని జవాబొస్తే, ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చా అని ఫోన్ తెరమీద అడుగుతోందని అర్థం. ఈ అనుమతి ప్రశ్న 2013లో ఆండ్రాయిడ్ 4.2.2తో మొదలైంది. టచ్ లేని ఫోన్‌లో దీనికి జవాబివ్వాలంటే కేబుల్ ఒకవైపు, మౌస్ ఇంకోవైపు ఒకేసారి ఉండాలి. ఓటీజీ మౌస్ సాయంతో ముందే ఒక బ్లూటూత్ మౌస్‌ను జత చేసి ఉంచుకుంటే ఆ చిక్కు విడిపోతుంది. తెర పూర్తిగా నల్లబడి, ఇంతకుముందు ఏ కంప్యూటర్‌కూ అనుమతి ఇవ్వని ఫోన్ అయితే సాధారణంగా కేబుల్‌తో అయ్యే పని కాదు, డిస్‌ప్లే మార్పించుకోవాల్సిందే.