ఆఫీసు హాలుకు బయటి గాలి ఎంత కావాలి?

ఏసీ హాలులో గాలి చల్లగా ఉన్నంత మాత్రాన అది తాజా గాలి అనుకోరాదు. ఏసీ యంత్రం చాలావరకు లోపలి గాలినే చల్లబరచి మళ్లీ పంపుతుంది. అందులో బయటి గాలి కొంత మాత్రమే కలుస్తుంది. ఆ పాలు ఎంత ఉండాలో నిర్ణయించడానికి ఒక లెక్క ఉంది.

లెక్క కట్టే విధానం

అమెరికాలోని ఆష్రే సంస్థ 62.1 ప్రమాణం ప్రకారం ఆఫీసులో ఒక్కొక్క మనిషికి సెకనుకు 2.5 లీటర్లు, నేల చదరపు మీటరుకు 0.3 లీటరు బయటి గాలి కావాలి. మొదటిది మనుషుల నుంచి వెలువడే వాటి కోసం. రెండవది తివాచీలు, రంగులు, బల్లల నుంచి వచ్చే ఆవిరుల కోసం. అడ్డుగోడలు లేని 200 చదరపు మీటర్ల హాలులో 40 మంది పనిచేస్తున్నారనుకుందాం. మనుషులకు 100, నేలకు 60, మొత్తం సెకనుకు 160 లీటర్లు.

కార్బన్ డయాక్సైడ్ చెప్పేది

కూర్చుని పనిచేసే మనిషి నిమిషానికి సుమారు 0.31 లీటరు కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు) విడుస్తాడు. పై హాలులో అది క్రమంగా పెరిగి, బయటి గాలిలో కంటే పది లక్షలకు 1300 పాళ్లు ఎక్కువ వద్ద నిలుస్తుంది. బయట సుమారు 420 కనుక లోపల 1720. హాలు ఎత్తు 3 మీటర్లయితే ఆ స్థాయిని సమీపించడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. కాబట్టి ఉదయం మొదటి గంటలో కనిపించే తక్కువ అంకె దేనికీ రుజువు కాదు.

అవసరాన్ని బట్టి సరఫరా

హాలులో పదిమందే ఉన్నప్పుడు 160 లీటర్లను చల్లబరచడం కరెంటు వృథా. అందుకని సెన్సర్ అంకెను చూసి, బయటి గాలి మార్గంలోని రెక్కలు తెరుచుకునేలా, మూసుకునేలా అమరుస్తారు. అయితే 1720 దాటనీయకుంటే చాలునని ఆదేశిస్తే పదిమందికి 40 లీటర్లే అందుతుంది. లెక్క ప్రకారం కావలసినది 85. సరైన అమరికలో కనీసం 60 లీటర్లు ఎప్పుడూ వస్తూ, అంకె 420 నుంచి 1720కి పెరిగేకొద్దీ సరఫరా 160కి చేరాలి. అప్పుడు పదిమందికి సుమారు 100 లీటర్లు అందుతుంది.

రాత్రింబవళ్లు నడిచే హాళ్లలో చిక్కు

అనేక సెన్సర్లు కొన్ని రోజులలో తాము చూసిన అతి తక్కువ అంకెను బయటి గాలిగా భావించి తమను తాము సరిచేసుకుంటాయి. రాత్రి ఖాళీ అయ్యే ఆఫీసులో ఇది చెల్లుతుంది. బెంగళూరు, హైదరాబాదులలో మూడు షిఫ్టులు నడిచే హాలు ఎన్నడూ ఖాళీ కాదు. అక్కడ అతి తక్కువ అంకె 900 అయితే సెన్సర్ దానినే 400గా లెక్కిస్తుంది. ఆపై ప్రతి అంకె 500 తక్కువగా కనిపిస్తుంది. జనం నిండుగా ఉన్నా రెక్కలు చాలినంత తెరుచుకోవు.

దీనిని కనిపెట్టడం సులభం. సెన్సర్‌ను వాహనాలకు దూరంగా ఆరుబయట కొద్దిసేపు ఉంచి, ఎవరూ దానిపై ఊపిరి విడవకుండా చూడాలి. సుమారు 420 చూపకుండా అంతకు బాగా తక్కువ చూపితే, ఆ స్వయం సవరణను ఆపి, సెన్సర్‌ను చేతితో సరిచేయించాలి.