స్వతంత్ర సామాన్య చలరాశుల మొత్తం, భేదం

రెండు స్వతంత్ర సామాన్య చలరాశులను కలిపినా, ఒకదాంట్లోంచి మరొకటి తీసేసినా వచ్చేది సామాన్య విభాజనమే. సగటులు కలుస్తాయి లేదా తీసివేయబడతాయి. విస్తృతులు (ప్రామాణిక విచలనాల వర్గాలు) మాత్రం రెండు సందర్భాల్లోనూ కలుస్తాయి. విద్యార్థులు తడబడేది ఇక్కడే.

జూబ్లీహిల్స్‌లో ఆవకాయ అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. సీసా మీద 500 గ్రాములని ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అది నికర బరువు, సీసా బరువు అందులో చేరదు. ఖాళీ సీసా సగటు 200 గ్రాములు, విచలనం 4. కాటా మీద సీసాతో కలిపి 706 గ్రాములు వచ్చేదాకా నింపుతారు. ఆ తూకంలో విచలనం 3.

పచ్చడి బరువు = మొత్తం − సీసా. సగటు 506, విస్తృతి 9 + 16 = 25, విచలనం 5. 500కి తగ్గే సంభావ్యత P(Z < −1.2), అంటే సుమారు 11.5 శాతం. సీసాల తేడాను పట్టించుకోకపోతే లెక్క 2.3 శాతమే చూపి మోసం చేస్తుంది.

స్వతంత్రత నిజంగా ఉందా అన్నది నింపే పద్ధతిని బట్టి తేలుతుంది. ప్రతి ఖాళీ సీసాను కాటాపై పెట్టి సున్నా చేశాక నింపితే మొత్తం బరువు సీసాతో పాటే మారుతుంది, పై తీసివేత సూత్రం వర్తించదు. అప్పుడు పచ్చడి విచలనం 3 గ్రాములే.