పెండ్లి పత్రికలో నిద్రించిన తండ్రి పేరు ఎక్కడ వేయాలి?

పెండ్లి పత్రిక ప్రూఫ్ సంఘకాపరి దగ్గరకు వచ్చేది మామూలుగా పైనున్న వాక్యం సరిచూడడానికే. ఇంట్లో తల్లి గాని తండ్రి గాని ప్రభువునందు నిద్రించి ఉంటే మాత్రం చిక్కంతా పేర్ల దగ్గర వస్తుంది. కడపలో మా చేతికి వచ్చిన ఒక పత్రికనే తీసుకుందాం. పెండ్లికూతురి తండ్రి నిద్రించి అప్పటికి పది నెలలు. ప్రెస్సువారు తమ దగ్గరున్న పాత నమూనాలో పేర్లు మార్చి పంపారు. పేర్లు తీసేసి ఆ వరుస ఇక్కడ ఇస్తున్నాం:

"కీ.శే. (తండ్రి), (తల్లి) దంపతులు తమ ద్వితీయ పుత్రిక వివాహమునకు మిమ్మును ఆహ్వానించుచున్నారు."

ఇందులో రెండు తప్పులున్నాయి. ముందున్న "కీ.శే." వెనకున్న రెండు పేర్లకూ అంటుకుంటుంది. దూరాన ఉన్న బంధువు చదివితే తల్లి కూడా పోయిందేమోనని ఫోన్ చేస్తాడు. ఇక రెండోది, నిద్రించిన మనిషి ఎవరినీ ఆహ్వానించడు. వచ్చినవారిని వాకిట్లో నిలబడి పలకరించేవారే ఆహ్వానించువారు.

తప్పు చూపించగానే మేనమామ ఇంకో వైపుకు వెళ్లాడు. శుభకార్యంలో చావు మాట ఎందుకు, ఆ పేరే తీసేద్దాం అన్నాడు. తల్లి, "నా పేరు కూడా ఎందుకులే అయ్యగారూ, మా అన్న పేరే వేయించండి" అంది. అంతవరకూ మాట్లాడని అమ్మాయి అప్పుడు నోరు విప్పింది: "మా నాయన పేరు లేకుంటే నేను ఎవరి కూతుర్నని రాస్తారు?"

జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. తండ్రి పేరు ఉండవలసింది ఆహ్వానించేవారి వరుసలో కాదు, కూతురి పేరు పక్కన. ఆయన పోయినా ఆమె ఆయన కూతురు కాకుండా పోదు. చివరకు పత్రిక ఇలా అచ్చయింది:

"ప్రభువునందు ప్రియులైన మీకు వందనములు. దేవుని కృపను బట్టి నా ద్వితీయ పుత్రిక, కీ.శే. (తండ్రి) గారి కుమార్తె చి.ల.సౌ. (వధువు) పరిశుద్ధ వివాహము చి. (వరుడు)తో జరుగును గనుక మీరు కుటుంబ సమేతముగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ కోరుచున్నాము. ఆహ్వానించువారు: శ్రీమతి (తల్లి), (మేనమామ, అత్త)."

తండ్రి పేరు ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కసారి చాలు. నిద్రించిన తేదీ, పూలదండ వేసిన ఫోటో, "ఆయన లేని లోటు" వంటి మాటలు జ్ఞాపకార్థ కూడిక కార్డుకు చెందినవి. వాట్సాప్‌లో పంపే కార్డుకూ ఇదే లెక్క.

తల్లి పేరును ఆహ్వానించువారిలో మొదట వేయించడానికి మేము కొంచెం పట్టుబట్టవలసి వచ్చింది. విధవరాలు శుభకార్యంలో వెనక నిలబడాలనే పట్టింపు మన సంఘాల్లో కూడా ఇంకా ఉంది. రూతు గ్రంథం చదివే మనకు అది తగదు. రూతుకు బోయజు ఇంటి దారి చూపిన నయోమి విధవరాలే. "శ్రీమతి" అనే మాట కూడా భర్త పోయాక తీసేయవలసిన పని లేదు.

"కీ.శే." బదులు ఏ మాట వాడాలని కొందరు అడుగుతారు. కీర్తిశేషులు అంటే కీర్తి మాత్రమే మిగిలినవారని అర్థం. పునరుత్థానాన్ని నమ్మేవారికి అది కొంచెం తక్కువ మాటే. 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయం ఇచ్చిన "నిద్రించిన" అనే మాట మనది. "ప్రభువునందు నిద్రించిన (తండ్రి) గారి కుమార్తె" అని వేసుకోవచ్చు. అయితే అన్యులైన బంధుమిత్రులు ఎక్కువగా ఉంటే "కీ.శే." వారికి వెంటనే అర్థమవుతుంది. ఏదైనా ఒకటే వాడండి, రెండూ కలపవద్దు.

వాక్యం విషయానికొస్తే, భక్తుల మరణాన్ని గూర్చిన 116వ కీర్తన వచనం పెండ్లి పత్రిక మీద వద్దు. 1 సమూయేలు 7:12 ఇలాంటి ఇంటికి బాగా కుదురుతుంది. యుద్ధం గడిచాక సమూయేలు నిలబెట్టిన రాయి ఎబెనెజరు. ఆ ఇల్లు ఏమి దాటి వచ్చిందో తెలిసినవారికి అందులో తెలుస్తుంది, తెలియనివారికి అది స్తుతిగానే వినిపిస్తుంది.

చిక్కు ఎక్కువయ్యేది తల్లి పోయి, తండ్రి మరల వివాహం చేసుకున్న ఇంట్లో. అక్కడ ఆహ్వానించువారు తండ్రి, ఇప్పటి తల్లి. పిల్ల పేరు పక్కన "కీ.శే. (కన్నతల్లి) గారి కుమార్తె" అని ఉండాలి. ఇది పెంచిన తల్లిని తక్కువ చేయడమని అనుకోవద్దు. ఆమె పేరు ఆహ్వానంలోనే ఉంది కదా. ముసాయిదా ప్రెస్సుకు వెళ్లకముందే తండ్రి ఆమెకు చూపించాలి, అచ్చయ్యాక కాదు. ఇంకొకటి: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసే రిజిస్టరులో తండ్రి పేరుకు గడి ఉంది, తల్లి పేరుకు లేదు. కన్నతల్లి పేరు ఆ రోజు కాగితం మీద కనబడేది పత్రికలోనే.

ప్రూఫ్ వచ్చాక, ఇంటి సంగతులు తెలియని ఒకరి చేత గట్టిగా చదివించండి. చదివాక "ఇందులో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు?" అని అడగండి. మేము చెప్పిన పత్రికను ప్రెస్సులో పనిచేసే కుర్రవాడే చదివాడు. తండ్రి లేడు, అమ్మ పిలుస్తోంది అన్నాడు. తల్లి దాని మీద సంతకం చేసి, మూడు వందల కార్డులు వేయమంది.