కాలసర్పదోషము

కడచిన మాఘమాసములో మాకు పరిచితుడైన యొక గృహస్థు జాతకచక్రమును చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. ఆయన కుమార్తెకు సంబంధము కుదిరి, నిశ్చయతాంబూలములకు దినము గూడ నేర్పడిన పిదప, వరుని తండ్రి యా చక్రమును ఒక దైవజ్ఞునకు చూపించెనట. కన్యకు కాలసర్పదోషమున్నదనియు, శాంతి చేయింపనిచో సంతానహానియు దారిద్ర్యమును తప్పవనియు దైవజ్ఞుడు చెప్పెనట. శాంతికి చెప్పిన వ్యయము ఈ గృహస్థుని రెండు నెలల జీతమునకు మించియుండెను. "మీరు సంస్కృతము చదువుకొన్నవారు గదా! ఈ దోషము ఏ గ్రంథమున నున్నదో చూచి చెప్పుడు" అని యాయన కోరెను. మేము జ్యోతిష్కులము కాము. అయినను బృహజ్జాతకము, పరాశరహోర, సారావళి, ఫలదీపిక మా యింట నుండుటచే నాలుగు రాత్రులు వానిని త్రిప్పి చూచితిమి.

మొదట నీ దోషమనగా నేమో తెలిసికొందము. సూర్యుడు సంవత్సరమున కొకమాఱు చుట్టివచ్చునట్లు కనబడు మార్గమొకటి కలదు. చంద్రుని మార్గము దానికి సుమారు 5 భాగల వాలుగానుండి, దానిని రెండుచోట్ల ఖండించును. ఆ రెండు సంధిస్థానములకే రాహువనియు కేతువనియు పేర్లు. అవి యెల్లప్పుడును ఒకదాని కొకటి ఎదురెదురుగా, 180 భాగల దూరమున నుండును. మెల్లగా వెనుకకు నడచుచు 18 సంవత్సరముల 7 నెలలకు రాశిచక్రమును ఒకమాఱు చుట్టివచ్చును. ఈ రెంటిని కలుపుచు నొక గీత గీచినచో చక్రము రెండు సగములగును. సూర్యుడు మొదలు శని వఱకు గల యేడు గ్రహములును ఒకే సగములో నున్నప్పుడు పుట్టినవానికి కాలసర్పమని చెప్పుదురు. రాహువు సర్పమునకు తల, కేతువు తోక, నడుమ చిక్కిన గ్రహములు మ్రింగబడినవి అని భావన. రాహువు లగ్నమున నున్న అనంతమనియు, రెండవయింట నున్న కులికమనియు, మూడవయింట నున్న వాసుకియనియు, ఇట్లు పండ్రెండు భావములకు పండ్రెండు నాగముల పేర్లు పెట్టిరి.

పేర్లకు లోటు లేదు, ప్రమాణమునకే లోటు. మేము చూచిన నాలుగు గ్రంథములలోను ఈ యోగము లేదు. వరాహమిహిరుడు బృహజ్జాతకమున సర్పయోగమను నొకదానిని చెప్పెను గాని, అది కేంద్రస్థానములలో పాపగ్రహములే నిలిచినప్పు డేర్పడునది. దానికి రాహుకేతువుల నడుమ చిక్కుటతో సంబంధము లేదు. పరాశరహోరలో సర్పశాపమను మాట కలదు. అది సంతానము లేనివారి జాతకములను విచారించు ప్రకరణములోనిది. పంచమభావమును, అందలి రాహువును, ఆ భావాధిపతి స్థితిని బట్టి చెప్పబడినది. ఏడు గ్రహములు ఒకవైపున నుండుట యచ్చటను లేదు. పేరులో సర్పశబ్ద మున్నంతమాత్రమున ఈ రెంటిని తెచ్చి కాలసర్పమునకు సాక్ష్యముగా నిలుపువా రున్నారు. ఇది గోపాలుని పేర వ్రాసిన పత్రమును చూపి గోవిందుని పొలమును పట్టుకొనుట వంటిది.

జ్యోతిషమును నమ్మనివారే యిట్లనుచున్నారని చదువరులు తలపవలదు. కోటంరాజు నారాయణరావుగారు మన తెలుగువారే. నేషనల్ హెరాల్డు పత్రికకు సంపాదకులుగా నుండిన కోటంరాజు రామారావుగారి కుమారులు. కేంద్రప్రభుత్వపు లెక్కల తనిఖీశాఖలో ఉన్నతోద్యోగము చేసి 1990లో విరమించినవారు. వారు జ్యోతిషమును జీవితమంతయు సాధనచేసి, ఎందఱకో బోధించిరి. అట్టివారే కాలసర్పమును గూర్చి యింత భయమెందుకని ప్రశ్నించుచు ఇంగ్లీషున నొక పుస్తకమే వ్రాసిరి. ప్రాచీనగ్రంథములలో లేని యోగమును చూపి జనులను బెదరించుట శాస్త్రమునకే యపచారమని వారి వాదము. సంప్రదాయమును గౌరవించు సిద్ధాంతులలో పలువుర యభిప్రాయమును ఇంతే. మఱికొందఱు పెద్దలు ఇది గురుపరంపరగా వచ్చినదని సమర్థింతురు. పరంపర యనుమాటను మేము తేలికగా త్రోసివేయము. కాని పరంపర చెప్పునది యొకటిగా నుండవలెను గదా! రాహువు ముందుండవలెనా, కేతువు ముందుండిన చాలునా, ఒక గ్రహము గీతకు వెలుపల నున్నను దోషము పాక్షికముగా నుండునా అను ప్రశ్నలకు వారిలో వారికే యైకమత్యము లేదు.

ఇక నిది యెంత యరుదు? బెదరించువారు కోటి కొకరికి వచ్చునట్లు మాటలాడుదురు. ఒక్క యుదాహరణమును తీసికొందము. 1947వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినప్పుడు రాహువు వృషభమున 5వ భాగ ప్రాంతమునను, కేతువు వృశ్చికమున నంతే దూరమునను నుండిరి. కుజుడు మిథునమున, సూర్యచంద్రులు బుధశుక్రులు శని కర్కాటకమున, గురుడు తులయందు. ఏడును ఒకేవైపున నున్నవి. అనగా స్వతంత్రభారతమునకే కాలసర్పమున్నది; వృషభలగ్నమున రాహువుండుటచే అనంతమను పేరిటిది.

అది యొక్క ముహూర్తముతో పోవునది కాదు. ఇతర గ్రహములు మెల్లగా నడచునవి. చంద్రుడొక్కడే రోజునకు సుమారు 13 భాగలు పోవును. ఆతడు రాహువును దాటి లోపలికి వచ్చినది ఆగష్టు 10వ తేదీ ప్రాంతమున. కేతువును దాటి బయటపడినది 24వ తేదీ ప్రాంతమున. ఆ రెండు వారములలో ఈ భూమండలముపై నెచ్చట పుట్టిన శిశువైనను, మదరాసున గాని లండనున గాని, పగలు గాని రాత్రి గాని, కాలసర్పజాతకమే. ఒక్క మన దేశముననే యట్టివారు లక్షలకొలది యుందురు. పదునాలుగు దినములు గడచిన పిదప చంద్రుడు మరల లోపలికి వచ్చుటచే సెప్టెంబరునందును మఱి రెండు వారములు అట్లే జరిగినది. ఇన్ని లక్షలమందికి ఒకే దారిద్ర్యము, ఒకే సంతానహాని పట్టెనా? మఱియు లెక్కకు వచ్చినచో, గ్రహములు వేనికవి స్వేచ్ఛగా నున్నవనుకొన్నను ఏడును ఒకవైపునకు చేరుట 64 జాతకములలో నొకదాని వంతు. బుధశుక్రులు సూర్యుని విడిచి దూరముపోరు గనుక వాస్తవమున నంతకంటె తఱచుగనే జరుగును. ఒక పెద్ద పాఠశాలలో వెదకినచో ప్రతి తరగతిలోను దాదాపొకడు దొరకును.

దోషవాదు లందఱు చూపు ప్రసిద్ధజాతకము జవాహర్లాల్ నెహ్రూగారిది. ఆయన 1889 నవంబరు 14వ తేదీన అలహాబాదులో జన్మించిరి. రాహువు మిథునమున, కేతువు గురునితో గూడి ధనుస్సున. తక్కిన గ్రహములు నడుమనున్నవి. రాశులను మాత్రము చూచినచో కాలసర్పమే. భాగలు చూచినచో కేతువు ధనుస్సున 13వ భాగలో నుండగా గురుడు 15వ భాగను దాటియున్నాడు. అనగా గీతకు రెండు భాగలకు పైగా వెలుపల నున్నాడు. అయినను పుస్తకములలో నాయన పేరు తొలగదు. పలుమాఱులు కారాగారమున గడపిన కాలము మొత్తము తొమ్మిదేండ్లకు దగ్గఱగా నుండుట దోషఫలమట; ప్రధానమంత్రియై దాదాపు పదియేడేండ్లు దేశము నేలుట దోషము తీరిన పిమ్మటి యోగఫలమట. చెఱసాలయు సింహాసనమును రెండును ఒకే కారణమునకు ఫలములైనచో, ఆ కారణము మనకు ముందుగా చెప్పగలిగిన దేమి?

ఈ సందర్భమున శ్రీకాళహస్తిని గూర్చి యొకమాట. రాహుకేతు పూజలకై నేడు జనులు వేలకొలదిగా నచ్చటికి పోవుచున్నారు. ఆ క్షేత్రనామములోని శ్రీ సాలెపురుగు, కాళము పాము, హస్తి యేనుగు. ధూర్జటి మహాకవి కావ్యమునకు వస్తువైన స్థలపురాణమిది. పాము మణులతో లింగము నర్చింపగా, ఏనుగు వానిని త్రోసి పత్రములతో నర్చించెడిది. తుద కవి పోరాడి మరణించి, రెండును ముక్తిని బొందినవి. ఆ కథలో పాము భక్తుడు, శత్రువు కాదు. భక్తితో స్వామిని దర్శింపబోవువారిని మేము వారింపము. అది వారి హృదయమునకు సంబంధించినది. కాని యప్పుచేసి, పిల్ల పెండ్లి యాగునను వణకుతో, ఎవరో వ్రాసియిచ్చిన పట్టీని పట్టుకొని పోవుటకు భక్తియని పేరు చెల్లదు. సంతానము కలుగనిచో దంపతు లిద్దఱును వైద్యుని చూచుటకు ముందు ఈ పట్టీతో రెండేండ్లు గడపినవారిని మేమెఱుగుదుము. వయస్సు మీఱుచున్న స్త్రీకి ఆ రెండేండ్లు మరల రావు.

మా మిత్రుని కుమార్తె చక్రమును చూచితిమి గదా. అందు ఆఱు గ్రహములు ఒకవైపున నున్నవి. చంద్రుడు మాత్రము కేతువునకు అతిసమీపమున, ఒక భాగలోపల నున్నాడు. దైవజ్ఞుడు రాశులను మాత్రమే చూచి దోషమని వ్రాసెను. గణితము చేయించినప్పుడు రాహుకేతువుల మధ్యమస్థానమును తీసికొన్నచో చంద్రుడు లోపల, స్పష్టస్థానమును తీసికొన్నచో వెలుపల నుండెను. ఈ రెండు గణనములకు ఒక భాగకు మించిన భేదము రావచ్చును. దీనికితోడు చంద్రుడు గంటకు అరభాగకు పైగా నడచును. పిల్ల యవ్వ చెప్పిన జననకాలమునకును, ఆసుపత్రి కాగితముమీది కాలమునకును నలుబది నిమిషముల తేడా కనబడెను. ఒక కన్య భవిష్యత్తు అవ్వ జ్ఞాపకముమీద నిలిచినదన్నమాట!

మేము మిత్రునితో నిట్లంటిమి: "ఈ గణితపు తగవులోనికి మీరు దిగవలదు. లోపలనున్నదని తేలినను, లేదని తేలినను, ఆ దోషమే గ్రంథములలో లేనప్పుడు దానివలన పిల్లకు కలుగు భేద మేమి? వరుని తండ్రినొక్కటే యడుగుడు: వారి యింట పెద్దలలో ఎవరైన కాలసర్పములో పుట్టియున్నారా, వారు ఎట్లు బ్రతికిరి, అని." ఆయన కొంత సందేహించెను; మగపెండ్లివారిని ప్రశ్నించు సాహసము ఆడపిల్ల తండ్రికి మన సంఘమున నలవాటు లేదు. అయినను పోయెను.

తరువాత నాయన చెప్పిన సంగతి యిది. ఆ మాట వినగానే లోపలి గదినుండి వరుని తాతగారు కఱ్ఱ యూతతో వచ్చిరట. "నేను స్వాతంత్ర్యము వచ్చిన మూడవనాడు పుట్టినవాడను. నా చక్రమునుగూడ చూడుమనుము" అనిరట. ఆ తేదీ మేము పైన లెక్కించిన రెండు వారములలోనిదే. ఆ వృద్ధునకు నలుగురు బిడ్డలు, పదిమంది మనుమలు. తన జాతకమున కాలసర్పమున్నదని యిన్నేండ్లలో ఏ సిద్ధాంతియు చెప్పలేదని యాయన కుమారునివైపు చూచెనట. కుమారుడు మాటాడలేదు. తాంబూలములు ఫాల్గుణమున పుచ్చుకొనిరి.