వేమన పద్యం, ఆంగ్ల వాక్యం: బ్రౌన్ అనువాదంలో నిలిచినదీ, జారినదీ

వాక్కును, అర్థాన్ని పార్వతీపరమేశ్వరుల వలె విడదీయరానివిగా భావించి కాళిదాస మహాకవి రఘువంశాన్ని ఆరంభించాడు. అనువాదకుడు చేయవలసిన పని ఆ రెండింటినీ విడదీయడమే. అర్థాన్ని మరొక భాషకు తీసుకొనిపోవాలంటే వాక్కును ఒడ్డున విడువక తప్పదు. ఆ వియోగంలో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న విచారణకు తెలుగు చరిత్రలో వేమన పద్యాల ఆంగ్లానువాదం కంటే తగిన ఉదాహరణ అరుదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించాడు. 1817లో మద్రాసు చేరి, కంపెనీ ఉద్యోగధర్మంగా తెలుగు అభ్యసించాడు. ఫ్రెంచి మతాచార్యుడు డుబాయ్ రచించిన గ్రంథం ద్వారా వేమన నామం ఆయన దృష్టికి వచ్చింది. తరువాత తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాలను పోల్చి, 693 పద్యాలను ఎంచి, ఆంగ్లానువాదంతో 1829లో మద్రాసులో ప్రకటించాడు. ఆ అనువాదం వచనంలో సాగింది. ఛందస్సు తెలియనందువల్ల ఆయన వచనాన్ని ఆశ్రయించలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సులను వివరిస్తూ ఆంగ్లంలో ఒక గ్రంథాన్ని వెలువరించినవాడు ఆయన. అంటే లయ స్వరూపాన్ని పూర్తిగా ఎరిగి, అర్థం కొరకు దానిని బుద్ధిపూర్వకంగా విడిచాడు. తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయునికి మూలాన్ని విప్పిచెప్పే సాధనంగా ఆ నిర్ణయం సమంజసమే. అయితే విడిచిన లయలో కేవలం శ్రవణసుఖమే ఉన్నదా, అర్థం కూడా ఉన్నదా అన్నది ప్రశ్న.

వేమన పద్యాలలో అధికభాగం ఆటవెలదులు. ఒకటవ, మూడవ పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండవ, నాలుగవ పాదాలలో ఐదేసి సూర్యగణాలు ఉంటాయి. ప్రతి పాదంలో నాలుగవ గణం మొదటి అక్షరం దగ్గర యతి నిలుస్తుంది. ఈ స్వల్ప పరిధిలోనే ఒక సిద్ధాంతం, ఒక దృష్టాంతం, ఒక మకుటం ఇముడుతాయి.

వేమన పేర ప్రసిద్ధమైన ఉప్పు, కర్పూరాల పద్యాన్ని పరిశీలిద్దాం. రెండూ చూపునకు సమానంగా కనిపిస్తాయి, పరీక్షిస్తే రుచులు వేరు. అట్లే మనుషులలో పుణ్యాత్ములు వేరు అని దాని తాత్పర్యం. ఈ తాత్పర్యం ఆంగ్ల వచనంలోకి సులభంగానే చేరుతుంది. కానీ మూలంలో 'ఉప్పు', 'కప్పు' అనేవి ఆ పద్యపు తొలి రెండు గణాలు. రెండూ గురులఘువులే, రెండింటి రెండవ అక్షరమూ ఒక్కటే. వస్తువులు కంటికి ఎంత సమానమో, శబ్దాలు చెవికి అంత సమానం. చెప్పదలచిన సాదృశ్యాన్ని కవి ముందుగా వినిపించాడు. ఆంగ్లంలో 'సాల్ట్', 'క్యాంఫర్' అనే పదాలకు నాదంలో ఏ పొత్తూ లేదు. అక్కడ పాఠకుడు సాదృశ్యాన్ని నమ్మవలసినదే గాని వినలేడు.

క్రియలోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. తెలుగులో కంటితో చూస్తాము, నాలుకతో రుచి కూడా 'చూస్తాము'. చూపుకు ఒకటైనవి, మరింత చూడగా వేరని తేలడం అనే భావపరిణామం ఆ ఒక్క ధాతువులోనే జరుగుతున్నది. ఆంగ్లం దర్శనానికి ఒక క్రియను, ఆస్వాదనకు మరొక క్రియను వాడుతుంది. కనుక పైచూపు నుండి లోచూపుకు సాగే ప్రయాణం అక్కడ రెండు వేర్వేరు పనులుగా విడిపోతుంది.

ఇక దృష్టాంతం. కర్పూరాన్ని రుచి చూడడం తెలుగువానికి వింత కాదు. ఆలయ తీర్థంలో, ప్రసాదంలో, తాంబూలంలో పచ్చకర్పూరపు రుచి అతనికి పరిచితమే. పైగా హారతిలో శేషం లేకుండా వెలిగి పోయే ద్రవ్యంగా కర్పూరం అతని మనస్సులో పవిత్రం. ఆంగ్ల పాఠకునికి అది ఔషధద్రవ్యం, లేదా బట్టలపెట్టెలో పురుగులను తోలే బిళ్ళ. 'దానిని ఎవరు రుచి చూస్తారు?' అన్న సందేహం కలిగిందంటే దృష్టాంతం అక్కడే భగ్నమైనట్లు. దీనికి పదం మార్చడం పరిష్కారం కాదు. కర్పూరానికి బదులు చక్కెర అంటే రుచిభేదం దక్కుతుంది గాని, పావిత్ర్యం పోతుంది. పద్యాన్ని అట్లే ఉంచి, కింద ఒక చిన్న వివరణ చేర్చడమే మేలు.

మకుటం మరింత సూక్ష్మమైన విషయం. అది పద్యంలో సరిగ్గా నాలుగవ వంతు. అందులో ఐదు సూర్యగణాలు పొందికగా నడుస్తాయి, పాదాదిని ఉన్న 'వి' నాలుగవ గణారంభంలో మళ్ళీ పలికి యతిని నిలుపుతుంది. దాని పూర్వభాగపు అర్థంపై పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నప్పటికీ, చివర కవి వేమనను పిలిచి 'విను' అంటున్నాడన్నది స్పష్టం. వందల పద్యాలలో పునరుక్తమయ్యే ఈ పాదం అనువాదకునికి నిరర్థకమని తోచవచ్చు. దానిని తొలగిస్తే మిగిలేది లోకానికి బోధించే నీతివాక్యం. ఉంచితే, వేమన తనకు తాను చెప్పుకొనే ఆత్మోపదేశం. పుణ్యపురుషులు వేరని పరులకు చెప్పేవాడు తనను వారిలో చేర్చుకొనే ప్రమాదం ఉన్నది. తనకే చెప్పుకొనేవాడు తాను ఉప్పో, కర్పూరమో పరీక్షించుకుంటున్నాడు. ఒక సాధకునికి ఈ భేదం అల్పం కాదు.

పద్యానికి పద్యమే రావాలన్న పక్షం కూడా లేకపోలేదు. 1871లో చార్లెస్ గోవర్ దక్షిణభారత జానపద గేయాలపై ప్రకటించిన గ్రంథంలో వేమనను ఆంగ్ల ఛందస్సులోకి తెచ్చాడు. ఈ మార్గానికి దాని ఇబ్బంది దానికున్నది. తెలుగు ఛందస్సు గురులఘువుల కాలపరిమాణంపై, ఆంగ్ల ఛందస్సు పదంలోని ఊనికపై ఆధారపడతాయి. ఆంగ్ల పాఠకుడు ఎదురుచూసేది పాదాంతంలోని ప్రాస. 'క్యాంఫర్'కు అంత్యప్రాస దొరకడం దాదాపు అసాధ్యం. 'సాల్ట్'ను పాదాంతంలో నిలిపితే సులభంగా దొరికేది 'ఫాల్ట్', అనగా దోషం. అప్పుడు మూలంలో లేని దోషారోపణ ప్రాస కొరకు పద్యంలో ప్రవేశిస్తుంది. ఉప్పు దుష్టమని వేమన అనలేదు, రుచి వేరన్నాడు. ఏదైనా పద్యానువాదంలో మూలానికి అదనమైన భావం కనిపిస్తే, ముందుగా పాదాంతపదాన్ని పరీక్షించాలి. సాధారణంగా చొరబాటు అక్కడినుండే జరుగుతుంది.

ఈ రెండు మార్గాల నడుమ మూడవది ఉన్నది. ఒకచోట పోయిన నాదాన్ని మరొకచోట సంపాదించడం. ఇదే పద్యంలో కవి 'పురుషులు', 'పుణ్యపురుషులు' అని ఒకే పదాన్ని పలికించి, ఒక్క విశేషణంతో వారిని వేరుచేశాడు. ఉప్పు, కప్పురం చేసిన పనినే ఈ జంట రెండవమారు చేస్తున్నది. ఇది ఆంగ్లంలో సాధ్యమే. 'మెన్' అని, వెంటనే 'మెన్ ఆఫ్ మెరిట్' అంటే అదే పదం మళ్ళీ వినిపిస్తుంది, మకారం ఆవృత్తమవుతుంది, పుణ్యానికి 'మెరిట్' అన్నది అంగీకృత పర్యాయమే గనుక అర్థమూ చెడదు. చివర రెండు మూడు పదాలలో వేమనను పిలిచే సంబోధనను నిలిపితే ఆత్మోపదేశమూ దక్కుతుంది. ఆ అనువాదాన్ని తెలుగు రాని ఒకరికి చదివి వినిపించి, ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారని అడగాలి. 'ఒక గురువు మనతో' అని సమాధానం వస్తే మకుటం ఇంకా చేరలేదని అర్థం.

బ్రౌన్ వచనం అర్థాన్ని కాపాడింది, పండితులు చిన్నచూపు చూసిన కవిని లోకం ముందు నిలిపింది. ఆ ఋణం తీరనిది. అయినా ఆ వచనం చదివిన పిదప మూలపద్యాన్ని ఒకమారు బిగ్గరగా పఠించవలసి ఉంటుంది. అర్థం తెలిసిన తరువాత కూడా ఆ రెండు 'ప్పు'లు చెవిని తాకినప్పుడే, రూపం ఒకటై తత్త్వం వేరైన వస్తువుల ముందు నిలిచినట్లు అనుభవమవుతుంది.