టికెట్‌పై టైమ్ ఏ ఊరిది? ట్రాన్సిట్‌లో నిజంగా ఆగేది ఎంతసేపు?

విమాన టికెట్‌పై ఉండే ప్రతి టైమూ ఆ ఎయిర్‌పోర్టు ఉన్న ఊరి టైమే. బయల్దేరే టైమ్ హైదరాబాద్‌దైతే భారత టైమ్, దిగే టైమ్ దుబాయ్‌దైతే దుబాయ్ టైమ్. భారత్ కంటే దుబాయ్ గంటన్నర వెనక, జిద్దా రెండున్నర గంటలు వెనక. అంటే జిద్దా కంటే దుబాయ్ ఒక గంట ముందుంటుంది.

చాలామంది ఇక్కడే అనవసరంగా తికమక పడతారు. ఆగే సమయం తెలియాలంటే టైమ్ తేడాలతో పనే లేదు. మధ్యలో దిగే టైమ్, మళ్లీ ఎక్కే టైమ్ రెండూ ఒకే ఊరివి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే సరి.

ఉమ్రా చేసి తిరిగొచ్చే ఒక కుటుంబం టికెట్ ఇలా ఉందనుకోండి. జిద్దాలో మధ్యాహ్నం 1:00కు బయల్దేరి, దుబాయ్‌లో సాయంత్రం 4:55కు దిగుతారు. హైదరాబాద్ విమానం రాత్రి 7:00కు. 4:55 నుంచి 7:00 దాకా 2 గంటల 5 నిమిషాలు. గేటు విమానం కదలడానికి 15–20 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి చేతిలో ఉండేది గంటా నలభై ఐదు నిమిషాలే.

లెక్క తప్పేది చేతి గడియారం వల్ల. అది ఇంకా జిద్దా టైమ్‌లోనే ఉంటే దిగినప్పుడు 3:55 చూపిస్తుంది. 'ఏడింటికి కదా, ఇంకా మూడు గంటలుంది' అని అమ్మీ, అబ్బా నింపాదిగా కూర్చుంటారు. గడియారంలో 6:00 అయ్యేసరికి విమానం వెళ్లిపోతుంది. వెళ్లేటప్పుడు ఈ ప్రమాదం లేదు. గడియారం భారత టైమ్‌లో ఉంటే గంటన్నర ముందు నడుస్తుంది, మహా అయితే గేటు దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి. అందుకే తిరుగు ప్రయాణంలోనే జాగ్రత్త.

ఫోన్ టైమ్ తనంతట తానే మారుతుందన్న ధీమా కూడా వద్దు. ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకపోతే పాత టైమే చూపించొచ్చు. ఎయిర్‌పోర్టు స్క్రీన్‌పై గడియారం చూసి సరిచేసుకోండి. మగ్రిబ్ వక్తు కూడా అక్కడి టైమ్ ప్రకారమే చూసుకోవాలి.

తేదీ కూడా చూడాలి. రాత్రి 10:50కి దిగి 1:30కి ఎక్కాలంటే, అర్ధరాత్రి దాకా 1:10, ఆ తర్వాత 1:30, మొత్తం 2 గంటల 40 నిమిషాలు. ఇలాంటి చోట టైమ్ పక్కన +1 అని ఉంటుంది, మరుసటి రోజు అని అర్థం. కొన్ని సైట్లలో ఆ +1ని మొదట బయల్దేరిన రోజు నుంచి లెక్కిస్తారు, అందుకని రెండు విమానాల పక్కనా ఉన్న తేదీలే చదవండి. రెండో విమానం తేదీ ఇంకో రోజు ముందుకు ఉంటే, ఆగేది 26 గంటల 40 నిమిషాలు!

అనుమానముంటే ఇలా సరిచూడొచ్చు: రెండు విమానాల ప్రయాణ సమయానికి ఆగే సమయం కలిపితే, టికెట్‌పై ఉండే మొత్తం ప్రయాణ సమయం రావాలి. రాకపోతే ఎక్కడో తేదీ తప్పు చదివారన్నమాట.