గ్రెయిన్ కలిస్తేనే అతుకు మాయం

రెండు ఫొటోలను అతికించి ఒకటిగా చూపే విద్య కంప్యూటర్ కంటే చాలా పాతది. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెగ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరో నెగటివ్ వాడి రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఆనాటి గాజు ప్లేట్లు నీలానికి అతిగా స్పందించేవి. అలలు సరిగ్గా పడేలోపు ఆకాశం తెల్లగా మాడిపోయేది. 1858లో ఇంగ్లండ్‌లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివ్‌లు కలిపి ‘ఫేడింగ్ అవే’ చేశాడు. వాళ్ల కష్టమంతా అంచుల దగ్గరే. తడి కొలోడియన్ ప్లేటులో గ్రెయిన్ కంటికి ఆనదు. పైగా ప్లేటును కాగితానికి ఆనించి, ఉన్న సైజులోనే ముద్రించేవారు. ముక్కకూ ముక్కకూ గరుకులో తేడా వచ్చే అవకాశమే తక్కువ.

ఆ తేడా చిన్న ఫిల్ముతో వచ్చింది. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చాక 35 మిల్లీమీటర్ల నెగటివ్‌ను ఎన్‌లార్జ్ చేయడం మామూలైంది. వెండి రేణువులు కూడా బొమ్మతో పాటే పెద్దవయ్యాయి. ఒకే రీలులోని రెండు నెగటివ్‌లలో ఒకదాన్ని నాలుగు రెట్లు, మరోదాన్ని పన్నెండు రెట్లు పెంచి పక్కపక్కన అతికిస్తే, రెండో ముక్కలో గ్రెయిన్ మూడింతలు ముతకగా కనిపిస్తుంది. అంచు ఎంత నున్నగా కోసినా ఆ ముతకదనం దాగదు.

సినిమావాళ్లకు ఇది మరీ పెద్ద చిక్కుగా ఉండేది. ఆప్టికల్ ప్రింటర్‌లో రెండు దృశ్యాలు కలపాలంటే ఫిల్మును మళ్లీ ఫిల్ము మీదికి కాపీ చేయాలి. ప్రతి కాపీకీ కొత్త గ్రెయిన్ చేరుతుంది, పదును తగ్గుతుంది. ట్రిక్ షాటు రాగానే తెర ఒక్కసారిగా ముతకబారేది. 1977 నాటి ‘స్టార్ వార్స్’కు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ ట్రిక్ షాట్లలో కలిపే ముక్కలను విస్టావిజన్‌లో తీసింది. అందులో ఫిల్ము అడ్డంగా నడుస్తుంది కాబట్టి ఫ్రేము మామూలు ఫ్రేముకు రెండింతలకు పైగా ఉంటుంది. కాపీల మీద కాపీలు తీసి మామూలు సైజుకు దించేసరికి, దాని గ్రెయిన్ పక్క షాట్లతో దాదాపు సమానమయ్యేది.

అప్పటిదాకా పని గ్రెయిన్ తగ్గించడమే. 1990లో ఫొటోషాప్ వచ్చింది. 1993లో ‘జురాసిక్ పార్క్’ కంప్యూటర్ డైనోసార్లు ఫిల్ము దృశ్యాల్లో నడిచాయి. అక్కడ పని తలకిందులైంది. కంప్యూటర్ బొమ్మలో రేణువే ఉండదు. దాన్ని నిజమని నమ్మించాలంటే గ్రెయిన్ కావాలని చేర్చాలి. నేటి పద్ధతి అంతా ఆ మలుపు నుంచి వచ్చిందే.

మన ఊళ్ల స్టూడియోల్లో తరచూ వచ్చే పనినే చూద్దాం. ఫోనులో తీసిన నానమ్మ ఫొటోను, స్కాన్ చేసిన తాతయ్య పాత ఫొటోలో ఆయన పక్కన చేర్చాలి. ముందు నానమ్మ బొమ్మను కావలసిన సైజుకు తేవాలి. తర్వాత పదును. తాతయ్య కళ్లజోడు అంచు మూడు పిక్సెళ్ల వెడల్పున కరిగి ఉంటే, నానమ్మ ముక్కుపుడక అంచు కూడా అంతే కరిగేదాకా Gaussian Blur ఇవ్వాలి. గ్రెయిన్ చివర్న. వరుస మారిస్తే బ్లర్ ఆ రేణువుల్నీ చెరిపేస్తుంది.

గ్రెయిన్‌ను బొమ్మ మీద నేరుగా చల్లకూడదు. 50% బూడిదరంగు నింపిన వేరే లేయరు తీసుకుని Overlay మోడ్‌లో నానమ్మ బొమ్మకే పరిమితం చేయాలి. ఆ లేయరులో Add Noise తెరిచి Gaussian, Monochromatic ఎంచుకోవాలి. అది ఒక్కో పిక్సెల్ సైజు చుక్కలు వేస్తుంది. స్కాన్‌లో రేణువు అంతకంటే పెద్దది, మెత్తనిది. కనక ఆ లేయరుకు మాత్రమే అర పిక్సెల్ బ్లర్ ఇచ్చి, తాతయ్య చొక్కాలోని గరుకుతో పోల్చుకుంటూ మోతాదు సరిచేయాలి. Overlay వల్ల తెల్లని, నల్లని చోట్ల గ్రెయిన్ పలచబడి మధ్య ఛాయల్లో నిలుస్తుంది. అయితే డిజిటల్ కెమెరా నాయిస్ చీకటి భాగాల్లోనే ఎక్కువ. కింది ఫొటో అలాంటిదైతే ఈ కిటుకు సరిపోదు.

పరీక్షకు బొమ్మను 100% సైజులో చూడాలి. చిన్నదిగా చూస్తే అన్నీ కలిసినట్టే ఉంటాయి. పైన ఒక Curves లేయరు వేసి కాంట్రాస్టు విపరీతంగా పెంచితే, నున్నగా మిగిలిన ముక్క మచ్చలా బయటపడుతుంది. కలర్ ఫొటో అయితే నీలం ఛానెల్‌ను విడిగా చూడాలి. ఫిల్ములోనైనా డిజిటల్‌లోనైనా సాధారణంగా గరుకు అందులోనే ఎక్కువ.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. పదునైనదాన్ని మసకబార్చవచ్చు గాని, మసక బొమ్మలో లేని వివరాన్ని పుట్టించలేం. అందుకే రెండింటిలో నాసిగా ఉన్నదాన్ని కొలతగా పెట్టుకుని, మెరుగైనదాన్ని దాని స్థాయికి దించండి.